పుట్టినరోజు, కుక్క పేరు, కవరు ఆట: మా 8వ తరగతి కృత్యం ఎక్కడ దారి తప్పింది?

చాక్‌పీస్_మాస్టారు
నేను ఒక ఉన్నత పాఠశాలలో 8వ తరగతికి గణితం చెబుతాను. కంప్యూటర్ గది తాళాలు కూడా నా మెడకే చుట్టారు. పోయిన వారం ఒక పీరియడ్‌లో 41 మంది పిల్లలతో పాస్‌వర్డుల మీద ఒక కృత్యం చేయించాను. స్వాతి అనే అమ్మాయిని నేనే కల్పించి, ఆమె వివరాలను చార్టు మీద రాసి గోడకు అంటించాను. పుట్టినరోజు 14 ఆగస్టు 2012, కుక్క పేరు టామీ, తమ్ముడి ముద్దుపేరు చిన్ను, ఇష్టమైన రంగు నీలం. ఆమె పాస్‌వర్డు రాసిన కాగితాన్ని కవరులో పెట్టి బల్ల మీద ఉంచాను. ఆరు జట్లకూ తలా పది ఊహలు ఇచ్చాను. మూడో జట్టు నాలుగో ఊహకే Tommy2012 అని చెప్పేసింది. గది దద్దరిల్లింది, నేనూ మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతో సేపు నిలవలేదు. పిల్లలు చెప్పిన కుక్కల పేర్లను బోర్డు మీద రాస్తూ ఉంటే, వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, అది నాదే" అని అరిచాడు. సాయంత్రానికి వాడి ఆట ఖాతాలోకి ముగ్గురు దూరారు. రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి తన బాబాయి ఫోనును ఆయన పుట్టినరోజుతో తెరిచింది, ఆయన నేరుగా ప్రధానోపాధ్యాయుల గదికి వచ్చారు. ఈ రెంటికంటే నన్ను ఎక్కువగా బాధించింది మూడోది. స్వాతి పాస్‌వర్డును గట్టిపరచమని అడిగితే 29 మంది Tommy@2012 అని రాశారు.

కృత్యాన్ని మానేయాలని లేదు. ఎక్కడ మార్చాలో చెప్పండి.

గోదారి_గట్టు
ఆ అమ్మాయికి పాఠం బాగానే ఒంటబట్టింది. హోంవర్కు చేయనిది బాబాయి గారే.

వంటింటి_వాణి
ముద్దుపేర్లు పెట్టుకోకూడదని మీరు చెప్పడం చాలా సబబుగా ఉంది. మా ఇంట్లో వైఫైకి, కరెంటు బిల్లు కట్టే యాప్‌కు, మా వారి మెయిల్‌కు ఒకటే పాస్‌వర్డు, అది మా అబ్బాయి ముద్దుపేరు బుజ్జి వెనక 123. పక్కింటి వాళ్లు మా వైఫై ఏడాదిగా వాడుకుంటున్నారని మొన్ననే తెలిసింది. ఎవరు చెప్పారని అడిగితే, "రోజూ సాయంత్రం మీరు బాల్కనీలో నిలబడి ఆ పేరుతోనే పిలుస్తారు కదా" అన్నారు.

చాక్‌పీస్_మాస్టారు
వాణి గారూ, నేను అడిగింది ముఖ్యంగా పెంపుడు జంతువుల పేర్ల గురించి. అయినా మీ ఉదంతం వృథా కాదు. టామీని కూడా రోజుకు పదిసార్లు వీధిలో అందరికీ వినబడేలాగే పిలుస్తాం.

నెలకో_తాళం
మీ పిల్లలు రాసినది పూర్తిగా తప్పేమీ కాదు. ప్రత్యేక గుర్తు చేర్చడం మంచిదే. దానితో పాటు o బదులు సున్నా, a బదులు @ పెట్టి, నెలకోసారి పాస్‌వర్డు మార్చమని చెబితే సరిపోతుంది. మా కార్యాలయంలో చాలా ఏళ్లుగా ఇదే నియమం. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవాలంటే పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా, వెంటనే పుట్టిన సంవత్సరం కొట్టాలి. అధికారికంగానే అలా ఉన్నప్పుడు పుట్టిన సంవత్సరం అంత చెడ్డదని పిల్లలకు ఏ ముఖంతో చెబుతాం?

గడియ_గొళ్ళెం
ఖాతాల లాగిన్ భద్రత నా వృత్తి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. మాస్టారూ, మీ కవరు ఆట పిల్లలకు ఊహించడం నేర్పింది, లెక్కపెట్టడం నేర్పలేదు. నాలుగో ఊహకే దొరికింది కాబట్టి "స్వాతి తెలివితక్కువది, నేను ఒక @ చేర్చితే తెలివైనవాణ్ణి" అని వాళ్లకు అనిపించింది. గణితం మాస్టారి చేతిలో ఉండి కూడా ఆ పీరియడ్‌లో గుణకారం జరగకపోవడం ఒక్కటే లోపం.

రెండోసారి ఇలా చేసి చూడండి. కుక్కల పేర్లు తరగతి అంతా కలిసి చెప్పనివ్వండి. టామీ, బ్రూనో, స్నూపీ, రాజా అంటూ ముప్ఫై దగ్గరికి వచ్చేసరికి పిల్లల చేతులు దిగిపోతాయి. ఆ దిగిపోవడమే పాఠం, ఎందుకంటే కుక్కల పేర్లు చాలావరకు వాటి చుట్టూనే తిరుగుతాయి. ఇప్పుడు 30 పేర్లు, వెనక తగిలించడానికి 2005 నుంచి 2024 వరకు 20 సంవత్సరాలు, మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని 2 విధాలు. మొత్తం 1200. పేరుకూ సంవత్సరానికీ మధ్య ఏమీ లేకపోవడం, @, #, _ అనే నాలుగు అవకాశాలు చేర్చితే 4800. అంటే పిల్లలు ఎంతో గొప్పగా చేర్చిన ఆ @ దొంగ పనిని నాలుగింతలు చేసింది, అంతే. ఒక్కో ఊహను చేత్తో కొట్టడానికి 5 సెకన్లు పట్టినా 4800 ఊహలు 6 గంటల 40 నిమిషాల్లో అయిపోతాయి. కంప్యూటరుకైతే అది లెక్కలోకే రాదు.

నెలకో_తాళం గారు చెప్పిన సున్నా మార్పిడి కూడా అంతే. o ఉన్న చోట రెండు అవకాశాలు అవుతాయి, జాబితా రెట్టింపు అవుతుంది. నెలనెలా మార్చమంటే మనుషులు Tommy@2012 ను Tommy@2013 చేస్తారు, నేను చూసిన కార్యాలయాలన్నింటిలో జరిగింది అదే. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాస్‌వర్డు బయటపడినట్టు ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని, గుర్తులూ అంకెలూ తప్పనిసరి చేయవద్దని చెప్పింది.

ఈ-ఆధార్ సంగతి వేరు. ఆ సూత్రం అందరికీ ప్రకటించినదే, అది మన చేతికి వచ్చిన ఫైలు మీద వేసిన కవరు లాంటిది, ఖాతాకు వేసిన తాళం కాదు. ప్రమాదమల్లా, తాళం ఉంది కదా అని ఆ ఫైలును జిరాక్సు షాపు వాట్సాప్‌కు పంపి అక్కడే వదిలేయడం.

నెలకో_తాళం
మార్గదర్శకాలు అమెరికావి, మా తనిఖీ అధికారులు ఇక్కడివారు. నెల దాటితే నాకే మెమో వస్తుంది. అయినా నాలుగింతల లెక్క మాత్రం ఒప్పుకుంటున్నాను.

గోదారి_గట్టు
నాకు ఒక సందేహం. ఫోనుల్లో, బ్యాంకు యాప్‌లలో కొన్ని తప్పులు కొట్టగానే తాళం పడిపోతుంది కదా. అప్పుడు 4800 ఊహలు ఎవరు కొట్టగలరు? పుట్టినరోజు పెట్టుకున్నా నష్టం లేదని నాకు అనిపిస్తోంది.

గడియ_గొళ్ళెం
తాళం పడటం అపరిచితుడిని ఆపుతుంది, పక్క బెంచీ వాడిని ఆపదు. మన బడుల్లో పుట్టినరోజు నాడు కొత్త బట్టలు వేసుకొని తరగతి అంతా తిరిగి చాక్లెట్లు పంచుతారు. తేదీ, నెల 40 మందికి తెలిసిపోయాయి. 8వ తరగతి కాబట్టి సంవత్సరం రెండు మూడింటిలో ఒకటి. మూడు ఊహలు చాలు, తాళం పడేలోపే తలుపు తెరుచుకుంటుంది. బాబాయి గారి ఫోను విషయంలో జరిగింది ఇదే.

అసలు ఏమీ తెలియని వాడి సంగతి చూద్దాం. 2011, 2012, 2013 సంవత్సరాల్లో పుట్టినవారి తేదీలన్నీ కలిపితే 365, 366, 365, మొత్తం 1096. ఎనిమిది అంకెలు కాబట్టి 10 కోట్ల అవకాశాలు ఉన్నాయని పిల్లలు అనుకుంటారు, నిజానికి ఉన్నవి 1096. ఈ రెండు సంఖ్యలను బోర్డు మీద పక్కపక్కన రాయండి.

ఇక తాళం అనేది లాగిన్ పేజీ దగ్గర మాత్రమే ఉంటుంది. సంస్థ దగ్గర మరుగుపరచి దాచిన పాస్‌వర్డుల పట్టికే బయటికి పోతే దొంగ తన ఇంట్లో కూర్చొని ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు పోయాయి, అవి కనీసం మరుగుపరచకుండా ఉన్నవి ఉన్నట్టుగానే దాచినవి. అందులో అందరికంటే ముందున్నది 123456. దొంగలు ఊహలు మొదలుపెట్టేది అలాంటి పట్టికల నుంచే.

జూన్_పుట్టుక
మా తరం వాళ్లకు ఈ బాధ లేదు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు వయసు సరిపెట్టడానికి జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేవారు. నా అసలు పుట్టినరోజు మా అమ్మ చెప్పిన తిథి ప్రకారం మాఘమాసంలో వస్తుంది, రికార్డుల్లో మాత్రం జూన్. నేను రికార్డు తేదీనే పాస్‌వర్డుగా వాడతాను. నన్ను ఎంత బాగా ఎరిగినవాడికైనా అది దొరకదు.

చాక్‌పీస్_మాస్టారు
జూన్_పుట్టుక గారూ, మా పాత అడ్మిషన్ రిజిస్టర్లు నా బీరువాలోనే ఉన్నాయి. మీ తరం పేజీలు తిప్పితే వరుసగా జూన్, జులై తేదీలే కనిపిస్తాయి. ఆ అలవాటు తెలిసినవాడు మీ విషయంలో 365 రోజుల జోలికి పోడు, నేరుగా జూన్‌లోని 30 రోజులతో మొదలుపెడతాడు. పైగా ఆ రికార్డు తేదీ మీ పదో తరగతి మెమో మీద, దాని ప్రతి జిరాక్సు కాపీ మీద అచ్చై ఉంది. అసలు తేదీయే కొంత నయమేమో.

జూన్_పుట్టుక
నా పేరే ఇక్కడ జూన్_పుట్టుక అని పెట్టుకున్నానని ఇప్పుడు గమనించాను. సాయంత్రం మార్చుకుంటాను, పేరును కాదు.

డల్లాస్_నాన్న
మా పాప ఇక్కడ 7వ గ్రేడు చదువుతోంది. ఇక్కడ పెంపుడు కుక్క పేరుకు ఇంకో పీడ ఉంది. పాస్‌వర్డు మరిచిపోతే "మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి" అని అడిగే సైట్లు చాలా ఉండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. పాస్‌వర్డు ఎంత గట్టిదైనా పక్క తలుపు తాళంచెవి కుక్క మెడలో వేలాడుతున్నట్టే. 2008 సెప్టెంబరులో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పాలిన్ యాహూ మెయిల్‌ను ఒక కాలేజీ విద్యార్థి ఇలాగే తెరిచాడు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారన్న ప్రశ్న, ఈ మూడింటికీ సమాధానాలు బయట దొరికేవే. అతనికి శిక్ష కూడా పడింది. ఇది మీ కృత్యంలో చేర్చవచ్చు. ఆ ప్రశ్నకు నిజం చెప్పాల్సిన అవసరం లేదని, ఏదైనా పొంతన లేని మాట రాసి దాచుకోవచ్చని మా పాపకు చెప్పాను. "అంటే అబద్ధం ఆడమంటావా నాన్నా" అని అడిగింది.

లైబ్రరీ_మూల
నేను రెండేళ్లుగా 7వ తరగతిలో ఇటువంటి కృత్యమే చేయిస్తున్నాను. మొదటి ఏడాది మా తరగతిలో కూడా "అది నాదే" అన్న కేక వినబడింది. అప్పటి నుంచి పద్ధతి మార్చాను. మొదలుపెట్టే ముందే, బోర్డు మీద సొంత పాస్‌వర్డు కనిపించినా ముఖం కూడా మారకూడదని చెబుతాను, దాన్ని ఒక ఆటలాగా రెండుసార్లు అభ్యాసం చేయిస్తాను. పేర్లు చెప్పేటప్పుడు తమ ఇంటి కుక్కను వదిలేసి, సినిమాల్లో, కథల్లో, వీధిలో విన్నవి మాత్రమే చెప్పాలి. చివరగా అందరికీ ఒకే రకమైన చీటీ ఇస్తాను. "ఈ రోజు నా పాస్‌వర్డు జాబితాలో కనిపిస్తే రాత్రికే మార్చుకుంటాను, ఎవరికీ చెప్పను" అని ఉంటుంది, దాని మీద పేరు రాయరు, తిరిగి ఇవ్వరు.

అయినా మాస్టారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. జట్లుగా పోటీ పెట్టి కవరు తెరిపించడమే తగదు. గెలిచిన పిల్లవాడికి చప్పట్లు కొట్టించాక, ఆ పని ఇంట్లో చేయవద్దని ఎలా చెబుతాం? సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద ఇంకొకరి పాస్‌వర్డు వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆ మాట నేను ముందే చెబుతాను.

గడియ_గొళ్ళెం
66సి లో మోసపూరితంగా లేదా దురుద్దేశంతో అన్న షరతు ఉంది. బాబాయి ఫోనులో ఆట ఆడుకున్న పిల్లను జైలు పేరుతో భయపెట్టకండి. చప్పట్ల విషయంలో మాత్రం మీరు చెప్పింది ఆలోచించవలసిందే.

చాక్‌పీస్_మాస్టారు
నాకు అంత తేలిగ్గా మింగుడు పడటం లేదు. నాలుగో ఊహకు కవరు తెరుచుకున్న క్షణంలో పిల్లల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం గుణకారంతో రాదు. కవరు ఉంచుతాను, చప్పట్లు తీసేస్తాను. మీ చీటీ మాత్రం అలాగే తీసుకుంటున్నాను. కంప్యూటర్ గదిలో ఇది కూడా చూపిద్దామా అని అనుకుంటున్నాను:

```python
names = ["tommy", "bruno", "raja"]
for n in names:
    for y in range(2005, 2025):
        print(n + "@" + str(y))
```

60 వరుసలు రెప్పపాటులో తెర మీద జారిపోతాయి.

లైబ్రరీ_మూల
పోటీ వద్దంటే మీరు దొంగకు యంత్రం ఇస్తున్నారు.

గడియ_గొళ్ళెం
అది జాబితాను అచ్చు వేస్తుందే తప్ప దేన్నీ తెరవదు. చూపించవచ్చు. కానీ మీ పేర్లే వాడండి, పిల్లల చేత కొత్త పేర్లు కొట్టించకండి. అలా కొట్టిస్తే మొదటివాడు స్నేహితుడి కుక్క పేరే కొడతాడు.

వంటింటి_వాణి
ఇవేవీ పెట్టుకోకూడదంటే మరి ఏం పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేను బుజ్జిని తీసేసి మూడు రోజులైంది, కొత్తది రెండుసార్లు మరిచిపోయాను.

గడియ_గొళ్ళెం
మీ జీవితంలోంచి తీయకుండా పాచికలతో తీయండి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 1995లో డైస్‌వేర్ అని ఒక పద్ధతి పెట్టారు. అందులో 7776 మాటల జాబితా, ఒక్కో మాటకు అయిదు పాచికలు. తరగతికి అంత అక్కరలేదు. ఆరు జట్లూ తలా 36 తెలుగు మాటలు రాస్తే 216 అవుతాయి. ప్రతి జట్టు తన మాటలను ఆరు వరుసలు, ఆరు నిలువుల పట్టికలో పెట్టాలి. మొదటి పాచిక జట్టును, రెండోది వరుసను, మూడోది నిలువును చెబుతుంది. నాలుగుసార్లు వేస్తే gampa-pidugu-nagali-chema లాంటిది వస్తుంది. గంప, పిడుగు, నాగలి, చీమ. బొమ్మ గీసుకుంటే మరిచిపోవడం కష్టం.

216ను నాలుగుసార్లు గుణిస్తే సుమారు 217 కోట్లు. ఊహకు 5 సెకన్ల లెక్కన 345 ఏళ్లు. లాగిన్ పేజీ దగ్గర ఇది పుష్కలం. పట్టికే పోయి, ఆ సంస్థ దాన్ని సరిగ్గా దాచకపోతే మాత్రం 217 కోట్లు పెద్ద సంఖ్య కాదు, యంత్రాలు సెకన్లలో దాటేస్తాయి. ఆరు మాటలు తీస్తే సుమారు కోటి కోట్లకు చేరుతుంది. వాణి గారూ, మెయిల్‌కు ఆరు మాటలు తీయండి, వైఫైకి అయిదు చాలు.

గోదారి_గట్టు
పాచికలు ఎందుకు, అష్టాచెమ్మా గవ్వలు ఇంట్లోనే ఉన్నాయి కదా.

చాక్‌పీస్_మాస్టారు
గవ్వలు పనికిరావు. నాలుగు గవ్వలూ నిష్పక్షపాతంగా పడతాయనుకున్నా, రెండు వెల్లకిలా పడటానికి 16లో 6 అవకాశాలు, నాలుగూ వెల్లకిలా పడటానికి 16లో ఒకటే. కొన్ని మాటలే పదేపదే వస్తాయి. పైగా గవ్వ రెండు వైపులూ ఒకలాంటివి కావు. లూడో పెట్టెల్లోని పాచికలు తెమ్మన్నాను.

లైబ్రరీ_మూల
ఇంగ్లీషు అక్షరాల్లో స్పెల్లింగు ముందే అచ్చు వేసి పెట్టండి. మా దగ్గర ఒక పాప cheema అని, chima అని, cheema1 అని మూడు రకాలుగా కొట్టి ఖాతా తాళం వేయించుకుంది. ఇంకొకటి, నచ్చని మాట వస్తే పిల్లలు మళ్లీ వేస్తారు. అందరికీ మామిడి, వెన్నెల, నెమలి వచ్చి, ఒక్కరికీ పేడ రాలేదంటే అదే జరిగినట్టు.

చాక్‌పీస్_మాస్టారు
నిన్న చేయించాను, నకిలీ పాస్‌వర్డులతోనే. 36 మాటలు రాయమంటే జట్లన్నీ వంకాయతో మొదలుపెట్టాయి. 216లో 19 మాటలు రెండోసారి వచ్చినవే, వాటిని తీసి కొత్తవి రాయించేసరికి సగం పీరియడ్ పోయింది. తర్వాత 41 మంది నాలుగేసి మాటలు, మొత్తం 164 వేశారు.

పేడ రాలేదు. లైబ్రరీ_మూల గారి పరీక్ష ప్రకారం మోసం జరిగినట్టే, కానీ లెక్క కట్టి చూశాను. 216లో మనం ముందే ఎంచుకున్న ఒక మాట 164సార్లలో ఒక్కసారి కూడా రాకపోవడానికి నూటికి 47 అవకాశాలు ఉన్నాయి. పాపం, దాని మీద ఏమీ చెప్పలేం. అందుకని పిల్లలు ముక్కు మూసుకునే మాటలు ఆరు ఏరాను. పేడ, చీమిడి, బొద్దింక, మురికి, చెత్త, గజ్జి. ఆరింటిలో ఒక్కటీ రాలేదు. అలా జరగడానికి నూటికి ఒక్క అవకాశమే ఉంది.

వాళ్లను నిలదీయలేదు. ఆ లెక్క బోర్డు మీద వేసి వెనక్కి తిరిగేసరికి రెండో బెంచీలో ముగ్గురు తలలు వంచుకొని ఉన్నారు.

వంటింటి_వాణి
నాకు చీమిడి వచ్చింది, ఉంచేశాను. మా వారు వైఫై పాస్‌వర్డు అడిగినప్పుడు చెప్పలేక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అది తప్పా?

గడియ_గొళ్ళెం
వైఫైకి తప్పు కాదు, పక్కింటి వాళ్లు కాఫీకి రానంత వరకు. మెయిల్‌దైతే బియ్యం డబ్బాలో పెట్టండి.

లైబ్రరీ_మూల
కాగితం మీద రాయడాన్ని నేను ఒప్పుకోను. అన్నట్టు మాస్టారూ, మా తరగతిలో సగం మందికి సొంత ఫోను లేదు, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, ఒకే తాళం. ఆ ఇంట్లో పాచికలు ఎవరు వేయాలి, వచ్చిన మాటలు ఎవరికి చెప్పాలి?

చాక్‌పీస్_మాస్టారు
మా దగ్గరా అదే పరిస్థితి. సోమవారం బాబాయి గారు మళ్లీ వస్తానన్నారు. ఈసారి పాచికలు నా జేబులోనే ఉంటాయి, ముందు ఆయన్నే అడిగి చూస్తాను.